తాడిపత్రి గ్రానైట్ కట్టర్‌లో పీఎన్‌పీ సెన్సార్: అంచుమీద నడిచిన ఒక ఇన్‌పుట్ కథ

అనంతపురం జిల్లా తాడిపత్రి పరిసరాల్లో గ్రానైట్ కోసే యూనిట్లు చాలా ఉన్నాయి. అలాంటి ఒక యూనిట్‌లోని బ్లాక్ కట్టర్‌కు వచ్చిన లోపం గురించి ఈ కేస్ స్టడీ. ఈ మిషన్‌లో బ్లేడు, దాని మోటారు ఉండే క్యారేజ్ పైనున్న దూలం వెంట ఒక చివరనుంచి మరో చివరకు పోతూ వస్తూ రాయిని కోస్తుంది. రెండు చివరలా, లోహం దగ్గరికొస్తే పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సార్ ఒక్కోటి ఉంటుంది. క్యారేజ్‌కు బిగించిన ఇనుప పట్టీ సెన్సార్ ముందుకు రాగానే, మిషన్‌ను నడిపే కంట్రోలర్ అయిన పీఎల్‌సీ ఆ సంకేతాన్ని అందుకుని, క్యారేజ్‌ను ఆపి, బ్లేడును కొంత లోతుకు దింపి, తిరుగు దిశలో నడిపిస్తుంది. ఎడమ చివర సెన్సార్ పీఎల్‌సీ ఇన్‌పుట్ X2కు, కుడి చివరది X3కు కలిపి ఉన్నాయి.

యజమాని చెప్పిన ఫిర్యాదు ఇది: ఉదయం పూట మిషన్ సరిగానే నడుస్తుంది, మధ్యాహ్నం ఎండ ముదిరాక మాత్రం క్యారేజ్ అప్పుడప్పుడు ఎడమ చివర ఆగకుండా పోయి రబ్బరు బఫర్‌కు గుద్దుకుంటుంది. ఆ దెబ్బకు బ్లేడు సెగ్మెంట్లు కూడా ఊడాయి. ఆపరేటర్ ఒక మాట అదనంగా చెప్పాడు: "పట్టీ దగ్గరికొస్తానే సెన్సార్ లైటు ఆరిపోతాది సార్. లైటు పనిచేస్తానే ఉంది, బండి మాత్రం నిలబడదు." నాకు మొదటి ఆధారం ఈ మాటలోనే దొరికింది. సాధారణంగా ఇలాంటి చోట వాడే సెన్సార్‌లో లోహం ఎదురైతే లైటు వెలగాలి. ఇక్కడ ఆరుతోందంటే ఎవరో సెన్సార్ రకం మార్చి ఉండాలి.

విచారిస్తే అదే తేలింది. పాత సెన్సార్ పోయినప్పుడు దాని మీది అక్షరాలు రాతి బురద రాపిడికి అరిగిపోయి ఉన్నాయి. మెకానిక్ దాన్ని దుకాణంలో చూపించి అదే మందం, అదే మర ఉన్న ఎం18 సెన్సార్ తెచ్చాడు. బయటికి రెండూ ఒకేలా ఉన్నా పాతది ఎన్‌పీఎన్ రకం, నార్మల్లీ ఓపెన్, అంటే లోహం ఎదురైనప్పుడే ఆన్ అయ్యేది. కొత్తది పీఎన్‌పీ రకం, నార్మల్లీ క్లోజ్డ్, అంటే మామూలుగా ఆన్‌లో ఉండి లోహం ఎదురైతే ఆఫ్ అయ్యేది. బిగించి చూస్తే సెన్సార్ లైటు వెలిగి ఆరుతోంది కానీ పీఎల్‌సీ మీద X2 దీపం ఏ స్థితిలోనూ వెలగలేదు. అప్పుడతను ప్యానెల్‌లో X2కు, సున్నా వోల్టుల పట్టీకి మధ్య ఒక చిన్న రెసిస్టర్ కలిపాడు. మిషన్ నడిచింది. ఎండలు ముదిరేదాకా నడుస్తూనే ఉంది.

ఈ ఏర్పాటు ఎందుకు పనిచేసిందో, ఎందుకు పనిచేయడం మానేసిందో తెలియాలంటే కరెంటు ఎటునుంచి ఎటు పోతోందో చూడాలి. మూడు తీగల డీసీ సెన్సార్‌లో గోధుమ తీగ ప్లస్ 24 వోల్టులకు, నీలం తీగ సున్నా వోల్టులకు పోతాయి. నల్ల తీగ అవుట్‌పుట్. ఎన్‌పీఎన్ సెన్సార్ లోపలి ట్రాన్సిస్టర్ ఆన్ అయినప్పుడు నల్ల తీగను నీలం తీగకు కలుపుతుంది, అంటే బయటినుంచి వచ్చే కరెంటును తనలోకి తీసుకుని సున్నాకు దింపుతుంది. దీన్నే సింకింగ్ అంటారు. పీఎన్‌పీ సెన్సార్ ఆన్ అయినప్పుడు నల్ల తీగను గోధుమ తీగకు కలుపుతుంది, అంటే ప్లస్ వైపునుంచి కరెంటును బయటికి ఇస్తుంది. దీన్నే సోర్సింగ్ అంటారు. ఆఫ్ అయినప్పుడు రెండింటిలోనూ నల్ల తీగ దేనికీ కలవకుండా వదిలేసినట్టే ఉంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే. పీఎన్‌పీ ఆఫ్ అయితే నల్ల తీగ దానంతట అది సున్నాకు దిగదు, ఎన్‌పీఎన్ ఆఫ్ అయితే దానంతట అది 24కు ఎక్కదు.

పీఎల్‌సీ వైపు చూస్తే, ప్రతి ఇన్‌పుట్ వెనుక ఒక రెసిస్టర్, దాని తర్వాత, సంకేతాన్ని కాంతి ద్వారా లోపలికి చేరవేసే ఆప్టోకప్లర్‌లోని చిన్న ఎల్‌ఈడీ ఉంటాయి. ఇన్‌పుట్ల అవతలి కొసలన్నీ ఒకే కామన్ టెర్మినల్‌కు చేరతాయి. ఈ కంట్రోలర్‌లో ఆ టెర్మినల్ పేరు S/S. ఎల్‌ఈడీలు రెండు దిశల్లోనూ వెలిగేలా ఉంటాయి కాబట్టి S/Sను ప్లస్ 24కు కలిపితే ఇన్‌పుట్‌ను సున్నాకు లాగే ఎన్‌పీఎన్ సెన్సార్లు పనిచేస్తాయి. S/Sను సున్నాకు కలిపితే ఇన్‌పుట్‌కు 24 ఇచ్చే పీఎన్‌పీ సెన్సార్లు పనిచేస్తాయి. ఈ మిషన్‌లో S/S ప్లస్ 24కు కలిపి ఉంది. అలాంటి ఇన్‌పుట్‌కు పీఎన్‌పీ సెన్సార్‌ను నేరుగా కలిపితే, అది ఆన్ అయినప్పుడు ఎల్‌ఈడీకి రెండు వైపులా 24 వోల్టులే ఉంటాయి, ఆఫ్ అయినప్పుడు ఒక కొస గాల్లో ఉంటుంది. రెండు స్థితుల్లోనూ కరెంటు పారదు. సెన్సార్ లైటు ఎంత చక్కగా పనిచేసినా X2 వెలగకపోవడానికి కారణం ఇదే. సెన్సార్ లైటు సెన్సార్ సంగతి మాత్రమే చెబుతుంది, ఇన్‌పుట్ గుండా కరెంటు పారిందో లేదో అది చెప్పలేదు.

ఇన్‌పుట్‌ను సింక్ ఇన్‌పుట్ అనాలా సోర్స్ ఇన్‌పుట్ అనాలా అన్న విషయంలో కంపెనీల కేటలాగులు ఒకదానితో ఒకటి కలవవు. ఎన్‌పీఎన్ సెన్సార్‌కు సరిపోయే ఇన్‌పుట్‌ను ఒకరు సింక్ అంటే మరొకరు సోర్స్ అంటారు. అందుకే నేను ఆ మాటల జోలికి పోకుండా కామన్ టెర్మినల్ ఎక్కడికి కలిసిందో మీటర్ పెట్టి చూసుకుంటాను. అది 24కు ఉంటే ఎన్‌పీఎన్, సున్నాకు ఉంటే పీఎన్‌పీ.

ఇక మెకానిక్ పెట్టిన రెసిస్టర్ సంగతి. ఆలోచనగా చూస్తే అందులో తప్పు లేదు, నిజానికి తెలివైన పనే. పట్టీ దూరంగా ఉన్నప్పుడు నార్మల్లీ క్లోజ్డ్ పీఎన్‌పీ సెన్సార్ ఆన్‌లో ఉండి X2ను 24 వోల్టుల దగ్గర పట్టుకుంటుంది, కాబట్టి ఇన్‌పుట్ ఆఫ్. పట్టీ దగ్గరికి రాగానే సెన్సార్ ఆఫ్ అయి నల్ల తీగను వదిలేస్తుంది. అప్పుడు S/S నుంచి ఇన్‌పుట్ గుండా, ఆ రెసిస్టర్ గుండా సున్నాకు కరెంటు పారి X2 ఆన్ అవుతుంది. బయటినుంచి చూస్తే పాత ఎన్‌పీఎన్ నార్మల్లీ ఓపెన్ సెన్సార్ ప్రవర్తనే ఇది, అందుకే ప్రోగ్రామ్ మార్చాల్సిన అవసరం రాలేదు. పైగా నల్ల తీగ తెగినా X2 ఆన్ అయి క్యారేజ్ ఆగుతుంది, అది కూడా మేలే.

తప్పంతా రెసిస్టర్ విలువలోనూ, దాని వాటేజీలోనూ ఉంది. అతను పెట్టింది 2.2 కిలో ఓంల, పావు వాట్ రెసిస్టర్. ఈ ఇన్‌పుట్ లోపలి నిరోధం 4.3 కిలో ఓంలు, ఎల్‌ఈడీ దగ్గర పోయేది సుమారు 1.5 వోల్టులు. మాన్యువల్ ప్రకారం ఇన్‌పుట్ కచ్చితంగా ఆన్ కావాలంటే కనీసం 3.5 మిల్లీ ఆంపియర్లు పారాలి, కచ్చితంగా ఆఫ్ కావాలంటే 1.5 మిల్లీ ఆంపియర్ల కంటే తక్కువ ఉండాలి. ఈ రెంటి మధ్య ఏం జరుగుతుందో తయారీదారు హామీ ఇవ్వడు. లెక్క వేస్తే ఇలా వస్తుంది:

```
I = (24 - 1.5) / (4300 + 2200) = 0.00346 A
P = 24 × 24 / 2200 = 0.26 W
```

మొదటి వరుస ప్రకారం రెసిస్టర్ కొత్తగా ఉన్నప్పుడే కరెంటు 3.46 మిల్లీ ఆంపియర్లు, అంటే హామీ గీతకు ఒక వెంట్రుక కింద. హామీ గీత దగ్గర తయారీదారు కొంత వెసులుబాటు వదిలే ఉంచుతాడు కాబట్టి మొదట్లో X2 ఆన్ అయింది. రెండో వరుస ఇంకా ముఖ్యం. క్యారేజ్ ఎక్కువసేపు మధ్యలోనే తిరుగుతుంది, ఆ సమయమంతా సెన్సార్ ఆన్‌లో ఉండి రెసిస్టర్ మీద పూర్తి 24 వోల్టులు పెడుతుంది. అప్పుడు దానిలో 0.26 వాట్ల వేడి పుడుతుంది. దాని సామర్థ్యం 0.25 వాట్లు, అదీ మామూలు ఉష్ణోగ్రతలో. మూత వేసిన రేకు ప్యానెల్‌లో, తాడిపత్రి ఎండాకాలపు మధ్యాహ్నాల్లో దానికి ఆ సామర్థ్యం కూడా దక్కదు. రోజూ పొద్దంతా తన శక్తికి మించి కాలుతూ ఉంటే దాని విలువ మెల్లగా పెరుగుతూ పోతుంది.

కొలతలు ఈ లెక్కను బలపరిచాయి. బ్లేడు మోటారు ఆపి, ప్యానెల్ తెరిచి, మీటర్ నల్ల మొనను సున్నా పట్టీ మీద, ఎర్ర మొనను X2 స్క్రూ మీద పెట్టి, ఆపరేటర్‌తో సెన్సార్ ముందు ఒక ఇనుప స్పానర్ పెట్టించాను. స్పానర్ లేనప్పుడు 24 వోల్టులు. స్పానర్ పెట్టగానే మీటర్ 8.2 దగ్గర నిలిచింది. మంచి ఎన్‌పీఎన్ సెన్సార్ ఉంటే ఆ స్థానంలో రెండు వోల్టుల కంటే తక్కువ కనిపించాలి. 8.2 వోల్టులు అంటే ఇన్‌పుట్‌ను కిందికి లాగే శక్తి చాలడం లేదని అర్థం. కరెంటు ఆపి, రెసిస్టర్ ఒక కాలును విప్పి కొలిస్తే 2.45 కిలో ఓంలు వచ్చింది. దాని మీది రంగుల పట్టీలు గోధుమ రంగుకు మాడి, ఎరుపు ఏదో, గోధుమ ఏదో గుర్తుపట్టడం కష్టమైంది. 2.45తో మళ్లీ లెక్క వేస్తే కరెంటు 3.33 మిల్లీ ఆంపియర్లు, X2 దగ్గర వోల్టేజీ 8.2. మీటర్ చూపించినదీ అదే. వేడి పెరిగేకొద్దీ ఆప్టోకప్లర్ సామర్థ్యం తగ్గి, అదే పని చేయడానికి దానికి మరికాస్త కరెంటు కావాలి. ఉదయం 3.33తో ఆన్ అయిన ఇన్‌పుట్ మధ్యాహ్నం ఒకసారి ఆన్ కావడం, ఒకసారి కాకపోవడం ఇందువల్లే. సెన్సార్‌ను అనుమానించి మళ్లీ మార్చి ఉంటే ఈ లోపం పోయేది కాదు.

ఆ సాయంత్రానికి మిషన్ నడవాలి కాబట్టి ముందు రెసిస్టర్‌నే సరిచేశాను. ఒక కిలో ఓం, రెండు వాట్ల రెసిస్టర్ పెడితే కరెంటు 4.2 మిల్లీ ఆంపియర్లకు చేరుతుంది, వేడి 0.58 వాట్లే కాబట్టి దాని సామర్థ్యంలో మూడో వంతు కూడా దాటదు. దాన్ని మిగతా తీగలకు తగలకుండా విడిగా టెర్మినల్ బ్లాక్ మీద బిగించాను. స్పానర్ పరీక్షలో మీటర్ 4.2 వోల్టులు చూపించింది, X2 నిస్సంకోచంగా వెలిగింది. ఇంకా తక్కువ విలువ పెడితే ఇంకా మంచిది కదా అని అనిపించవచ్చు. కానీ విలువ తగ్గేకొద్దీ వేడి పెరుగుతుంది, 470 ఓంలకు దింపితే 1.2 వాట్లు దాటుతుంది.

శాశ్వత పరిష్కారం విషయంలో యజమాని అడిగింది సులువైన ప్రశ్నే: "ఆ ఎస్/ఎస్ తీగను సున్నాకు మార్చేస్తే పీఎన్‌పీనే నేరుగా పనిచేస్తాది కదా?" పనిచేస్తుంది, కానీ ఈ కంట్రోలర్‌లో S/S ఒక్కటే, అన్ని ఇన్‌పుట్లకూ అదే కామన్. బటన్లు, ఓవర్‌లోడ్ రిలే కాంటాక్టుల వంటివాటికి దానివల్ల ఇబ్బంది లేదు, వాటి అవతలి తీగను సున్నా నుంచి 24కు మార్చుకుంటే సరి. బ్లేడు లోతు కొలిచే ఎన్‌కోడర్ మాత్రం ఎన్‌పీఎన్ ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్ ఉన్నది. S/Sను మార్చిన మరుక్షణం దాని పల్సులు ఆగిపోతాయి, మిషన్ లోతు లెక్క తప్పుతుంది. ఎన్‌కోడర్ కూడా మార్చాలంటే ఖర్చు ఎక్కడికో పోతుంది. కామన్‌ను తాకే ముందు దాని మీద ఆధారపడిన ప్రతి ఇన్‌పుట్‌కూ అవతల ఏముందో రాసుకుని చూడాలి. ఆ పని చేయకుండా S/S మార్చిన చోట్ల ఒక లోపం పోయి నాలుగు కొత్తవి మొలవడం నేను చూశాను.

మిగిలిన దారి పాతదానిలాగే ఎన్‌పీఎన్ నార్మల్లీ ఓపెన్ సెన్సార్ తెచ్చి పెట్టడం. చాలామంది అదే చేస్తారు, అది నడుస్తుంది కూడా. అయితే చివర ఆపే సెన్సార్‌కు అది నాకు నచ్చదు. ఈ కేబుల్ బురదలో, నీటిలో, క్యారేజ్ పక్కనే పడి ఉంటుంది, అది తెగడానికి అవకాశం ఎక్కువ. నార్మల్లీ ఓపెన్ సెన్సార్ తీగ తెగితే పీఎల్‌సీకి పట్టీ ఎప్పటికీ రానట్టే కనిపిస్తుంది, క్యారేజ్ బఫర్‌కు పోయి గుద్దుకుంటుంది. నార్మల్లీ క్లోజ్డ్ వాడితే తీగ తెగడమూ, పట్టీ రావడమూ ఒకే సంకేతం అవుతాయి, క్యారేజ్ ఆగుతుంది. మరి ఎన్‌పీఎన్ నార్మల్లీ క్లోజ్డ్ చాలదా అంటే, ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఈ ప్యానెల్‌లో 24 వోల్టుల సప్లై మైనస్‌ను ఎర్త్‌కు కలిపి ఉంచారు, అది సరైన పద్ధతే. కానీ కేబుల్ పై తోలు ఊడి నల్ల తీగ మిషన్ ఇనుముకు తగిలితే, ఎర్త్ ద్వారా అది సున్నాకు కలిసినట్టే. ఎన్‌పీఎన్ కోసం కట్టిన ఇన్‌పుట్‌కు అది సెన్సార్ ఆన్ అయినట్టు కనిపిస్తుంది. నార్మల్లీ క్లోజ్డ్‌లో ఆన్ అంటే "పట్టీ రాలేదు, వెళ్లవచ్చు" అని. తడి, రాపిడి, ఇనుము మూడూ ఉన్న చోట ఈ ప్రమాదాన్ని తోసిపుచ్చలేము. అదే పీఎన్‌పీ నార్మల్లీ క్లోజ్డ్‌లో నల్ల తీగ ఇనుముకు తగిలితే సంకేతం పడిపోతుంది, సెన్సార్‌లోని షార్ట్ సర్క్యూట్ రక్షణ అవుట్‌పుట్‌ను ఆపుతుంది, క్యారేజ్ ఆగుతుంది.

అందువల్ల ఎడమ సెన్సార్‌ను పీఎన్‌పీ నార్మల్లీ క్లోజ్డ్‌గానే ఉంచి, కుడిదాన్నీ అదే రకానికి మార్చి, ప్యానెల్ లోపల ఒక్కో సెన్సార్‌కు ఒక్కో 24 వోల్టుల ఇంటర్‌ఫేస్ రిలే పెట్టాను. సెన్సార్ నల్ల తీగ రిలే కాయిల్ A1కు, A2 సున్నాకు. రిలే నార్మల్లీ ఓపెన్ కాంటాక్టు ఒక కొస X2కు, మరో కొస సున్నాకు. రెసిస్టర్ తీసేశాను. పట్టీ దూరంగా ఉంటే రిలే ఎత్తుకుని X2ను సున్నాకు లాగుతుంది, ఇన్‌పుట్ ఆన్. పట్టీ వచ్చినా, తీగ తెగినా, తీగ ఇనుముకు తగిలినా, సెన్సార్‌కు సప్లై పోయినా రిలే వదిలేస్తుంది, ఇన్‌పుట్ ఆఫ్. సంకేతం ఇప్పుడు తలకిందులైంది కాబట్టి ప్రోగ్రామ్‌లో X2, X3 కాంటాక్టులను తిప్పాను. ఉదాహరణకు X2 ఆఫ్ కాగానే ప్రోగ్రామ్‌లోని M10 బిట్ సెట్ అవుతుంది:

```
LDI X002
SET M10
```

రిలే కదలడానికి సుమారు పది మిల్లీ సెకన్లు పడుతుంది. క్యారేజ్ నిమిషానికి ఆరు మీటర్ల వేగంతో వస్తే ఆ సమయంలో అది కదిలేది ఒక మిల్లీ మీటర్ మాత్రమే, పట్టించుకోనక్కర్లేదు. ఇదే ఎన్‌కోడర్ పల్సుల కోసమైతే రిలే పనికిరాదు, ఆప్టోకప్లర్ రకం ఇంటర్‌ఫేస్ మాడ్యూల్ కావాలి. కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఉన్న రిలేనే ఎంచుకోవాలి, లేకుంటే కాయిల్ వదిలినప్పుడు పుట్టే వోల్టేజీ సెన్సార్ ట్రాన్సిస్టర్ మీద పడుతుంది. ఇన్‌పుట్ గుండా పారేది ఐదు మిల్లీ ఆంపియర్లే కాబట్టి, అంత చిన్న కరెంటుకు పెద్ద పవర్ రిలే కాంటాక్టులు కాలక్రమంలో పొర కట్టి సరిగా కలవవు. బంగారు పూత కాంటాక్టులున్న సన్న రిలే తీసుకోవడం ఇందుకే. కాంటాక్టు అతుక్కుపోవడం, సెన్సార్ ట్రాన్సిస్టర్ లోపలే షార్ట్ కావడం వంటి లోపాలను ఈ ఏర్పాటు పట్టుకోలేదు. వాటికోసం రెండు చివరలా సెన్సార్ తర్వాత ఉన్న రోలర్ లిమిట్ స్విచ్‌లు పీఎల్‌సీతో సంబంధం లేకుండా నేరుగా కాంటాక్టర్ కాయిల్ సర్క్యూట్‌ను తెంచేలా ఉండాలి. ఈ మిషన్‌లో ఎడమవైపు స్విచ్‌ను ఎవరో తీగతో షార్ట్ చేసి ఉంచారు, క్యారేజ్ బఫర్‌దాకా పోగలగడానికి రెండో కారణం అదే. దాన్ని తిరిగి సర్క్యూట్‌లోకి తెచ్చాను.

పరీక్ష ఇలా చేశాం. బ్లేడును రాయికి పైన ఉంచి, క్యారేజ్‌ను మధ్యలో నిలిపి, ముందుగా ఎడమ సెన్సార్ కేబుల్ కనెక్టర్‌ను ఊడదీశాం. X2 దీపం ఆరింది, క్యారేజ్ ఎడమవైపుకు కదల్లేదు, కుడివైపుకు మాత్రం వెళ్లింది. తర్వాత కనెక్టర్ పెట్టి, నల్ల తీగను కావాలనే ఫ్రేముకు తగిలించాం. ఫలితం అదే. కుడి చివర కూడా ఇలాగే చూశాక మాత్రమే కోతకు వదిలాం.

దుకాణంలో సెన్సార్ రకం తెలియకుండా కొనే పరిస్థితి మళ్లీ వస్తే ఏమవుతుందో కూడా చూసుకున్నాను. రకం తేల్చుకునే పద్ధతి సులువే. నల్ల తీగకూ గోధుమ తీగకూ మధ్య ఒక 4.7 కిలో ఓంల రెసిస్టర్ పెట్టి, నల్లకూ నీలానికీ మధ్య మీటర్ పెడితే, లోహం పెట్టి తీసినప్పుడు రీడింగ్ 24కు, సున్నాకు మధ్య ఊగితే అది ఎన్‌పీఎన్. ఊగకుండా 24 దగ్గరే ఉంటే రెసిస్టర్‌ను నల్లకూ నీలానికీ మధ్యకు మార్చి చూడాలి, అప్పుడు ఊగితే పీఎన్‌పీ. రెసిస్టర్ లేకుండా ఉత్త మీటర్‌తో చూస్తే గాల్లో ఉన్న తీగ ఏదో ఒక వోల్టేజీ చూపించి తప్పుదారి పట్టిస్తుంది. ఒకవేళ ఇదేదీ చూడకుండా ఎన్‌పీఎన్ సెన్సార్‌నో, నార్మల్లీ ఓపెన్ పీఎన్‌పీనో తెచ్చి బిగించినా, పట్టీ దూరంగా ఉన్నప్పుడు రిలే కాయిల్‌కు కరెంటు అందదు కాబట్టి X2 ఆఫ్‌లోనే ఉండి క్యారేజ్ ఆ దిశలో మొదటి అడుగు కూడా వేయదు. తప్పు సెన్సార్ బిగించిన సంగతి కోత మొదలుకాకముందే బయటపడుతుంది.